షివా ఇంటికి పరామర్శకు వెళ్తున్నారా? ఏం పట్టుకెళ్లాలి, ఏం మాట్లాడాలి

ఆఫీసులో నా పక్క సీటాయన వాళ్లమ్మ సోమవారం తెల్లవారుజామున పోయారు. మధ్యాహ్నానికి మా టీం అందరికీ మెయిల్ వచ్చింది. మంగళవారం పదకొండింటికి ఖననం, ఆ తర్వాత ఇంట్లో ‘షివా’ అని రాసి, అడ్రసు, రావాల్సిన వేళలు ఇచ్చారు. అప్పటికి నేను న్యూజెర్సీ వచ్చి రెండేళ్లు. షివా అంటే మన శివుడికి సంబంధించినదేమో అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కాదు, అది యూదుల పద్ధతి, హీబ్రూలో ఆ మాటకు అర్థం ఏడు. పోయినవాళ్ల దగ్గరివాళ్లు ఏడు రోజులు ఇల్లు కదలకుండా కూర్చుంటారు, ఊళ్లోవాళ్లు వాళ్ల దగ్గరికి వస్తారు.

నేను బుధవారం సాయంత్రం వెళ్లాను. చేతిలో తెల్ల పూల గుత్తి, స్టీలు డబ్బా నిండా పులిహోర. బెల్ కొట్టాను. లోపలికెళ్లగానే ఆయన ముందు నిలబడి ‘ఎలా ఉన్నారు?’ అన్నాను. రెండు నిమిషాల్లో నాలుగు తప్పులు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పూలు ఒక మూలకు, డబ్బా ఇంకో మూలకు చేరాయి, నేను సోఫాలో కూర్చుని చెమటలు తుడుచుకున్నాను. తర్వాత ఆఫీసులో ఇంకో యూదు స్నేహితురాలు విడమరిచి చెబితే, ఆదివారం మళ్లీ వెళ్లి, ఈసారి సరిగ్గా కూర్చుని వచ్చాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం యూదులు ఉన్నారు కానీ, మనలో చాలామందికి యూదులతో పరిచయం అయ్యేది ఇలా అమెరికాలో ఆఫీసులోనో పక్కింట్లోనో. కాబట్టి అక్కడ మీరు ఏం చేయాలో నేను నేర్చుకున్న వరుసలోనే చెబుతాను.

ఖననం అయ్యేదాకా ఓదార్చడానికి వెళ్లకండి

మనవైపు కబురు తెలిసిన వెంటనే పరిగెత్తుకుని వెళ్తాం. శవం లేవకముందే చూడాలి, ఆ ఇంటివాళ్ల పక్కన ఉండాలి. యూదుల దగ్గర ఇందుకు తిరగేసి. ప్రాణం పోయినప్పటినుంచి మట్టి చేసేదాకా ఆ ఇంటివాళ్లకు ఒకటే పని, పోయినమనిషిని గౌరవంగా సాగనంపడం. ఆ సమయంలో వాళ్లకు రోజువారీ ప్రార్థనల బాధ్యత కూడా ఉండదు. చనిపోయినవాళ్లు ఎదుట ఉండగా ఓదార్చబోవద్దని వాళ్ల పాత ధర్మవాక్యమే ఒకటి ఉంది. కాబట్టి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడకండి. ‘విన్నాను, చాలా బాధగా ఉంది’ అని చిన్న మెసేజ్ చాలు. దానికి జవాబు రాకపోతే ఏమీ అనుకోకండి.

ఖననం త్వరగా చేస్తారు. వీలైతే మర్నాడే, దూరం నుంచి పిల్లలు రావాల్సి ఉంటే ఇంకో రోజు ఆగి. మీరు శ్మశానానికి వెళ్లగలిగితే వెళ్లండి, వాళ్లు దాన్ని పెద్ద సాయంగా చూస్తారు. అక్కడ పెట్టెను దించాక, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పారతో కాస్త మట్టి వేస్తారు. మీకూ వేయాలనిపిస్తే వరుసలో నిలబడి వేయవచ్చు. ఒకటి గమనించండి. పారను ఒకరి చేతినుంచి ఒకరు అందుకోరు. వేసినవాళ్లు దాన్ని మట్టిలో గుచ్చేసి పక్కకు జరుగుతారు, తర్వాతివాళ్లు అక్కడినుంచి తీసుకుంటారు. దుఃఖాన్ని చేతినుంచి చేతికి అందించకూడదని చెబుతారు. మొదటి పారకు పారను బోర్లించి, వెనకవైపుతో మట్టి తీసేవాళ్లూ ఉన్నారు. మామూలు తవ్వకం పనిలా హడావిడిగా చేయడం లేదని చెప్పే పద్ధతి అది.

బయటికి వచ్చేటప్పుడు నీళ్లు పోసుకుని చేతులు కడుక్కుంటారు. ఇంటి గుమ్మం ముందు కూడా ఒక కూజా, చేతులు తుడుచుకునే కాగితాలు కనిపిస్తే అవి శ్మశానం నుంచి నేరుగా వచ్చేవాళ్ల కోసం. మర్నాడు పరామర్శకు వెళ్లే మీకు ఆ అవసరం లేదు. తిరిగొచ్చాక తలంటు పోసుకోవాలనే నియమమూ అక్కడ లేదు. మీ ఇంట్లో పద్ధతి ఉంటే మీ ఇంటికొచ్చి పోసుకోండి, కానీ ఆ మాట వాళ్ల దగ్గర ఎత్తకండి.

రోజులు లెక్కపెట్టుకుని, మీ రోజు ఎంచుకోండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏడు రోజులు అనగానే మంగళవారం నుంచి వచ్చే మంగళవారం దాకా అనుకుంటారు. మా ఆఫీసాయన సంగతే తీసుకుందాం. మంగళవారం పగలు ఖననం అయింది. కుటుంబం ఇంటికి వచ్చి కాసేపు కూర్చుంటే అదే మొదటి రోజు. బుధవారం రెండు, గురువారం మూడు, శుక్రవారం నాలుగు, శనివారం అయిదు, ఆదివారం ఆరు, సోమవారం ఏడు. చివరి రోజు పూర్తిగా కూర్చోరు. పొద్దున ప్రార్థన అయ్యాక కొద్దిసేపు కూర్చుని లేచిపోతారు. అంటే మంగళవారం మట్టి అయితే సోమవారం ఉదయానికే షివా అయిపోతుంది. ‘సోమవారం ఆఫీసు అయ్యాక వెళ్దాంలే’ అనుకున్నవాళ్లు వెళ్లేసరికి అక్కడ ఏమీ ఉండదు.

మధ్యలో ఒక పెద్ద గండి ఉంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం. ఆ రోజు లెక్కలోకి వస్తుంది కానీ బయటికి కనిపించేలా దుఃఖం పాటించరు, పరామర్శలు ఉండవు. శనివారం సెలవు కదా అని మధ్యాహ్నం వెళ్లకండి. శనివారం రాత్రి చీకటి పడ్డాక మళ్లీ మొదలవుతుంది. శుక్రవారం కూడా మధ్యాహ్నం నుంచే ఆ ఇంట్లో షబ్బాత్ ఏర్పాట్ల హడావిడి ఉంటుంది, అప్పుడూ వద్దు.

మొదటి మూడు రోజులు ఏడుపు రోజులని వాళ్ల మాట. ఆ మూడు రోజులూ దగ్గరి చుట్టాలు, ప్రాణస్నేహితులు వెళ్తారు. ఆఫీసువాళ్లు, ఇరుగుపొరుగు మూడో రోజు దాటాక వెళ్లడం మంచిదని చాలామంది పాటిస్తారు. ఇది రాతిగీత ఏమీ కాదు. మీకు కుదిరేది బుధవారమే అయితే బుధవారమే వెళ్లండి, వెళ్లకపోవడంకన్నా అది మేలు. కానీ ఎంచుకునే వీలుంటే మా లెక్కలో గురువారం చీకటి పడ్డాకగానీ (వాళ్ల రోజు సూర్యాస్తమయంతోనే మారుతుంది) ఆదివారంగానీ. ఆదివారం జనం ఎక్కువ ఉంటారు. కొత్తవాళ్లకు అదే నయం, గుంపులో ఒకరిగా కూర్చోవచ్చు.

మెయిల్‌లో ఇచ్చిన వేళలను గట్టిగా పాటించండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి ఏడు నుంచి తొమ్మిది అని రాశారంటే, మధ్యలో ఆ మనుషులు తింటున్నారు, పడుకుంటున్నారు. ఇంకో సంగతి. అన్ని కుటుంబాలూ ఏడు రోజులు కూర్చోవు. పాత నియమాలను కాస్త సడలించుకున్న రిఫార్మ్ పద్ధతివాళ్లలో మూడు రోజులు, ఒక్కోసారి ఒక్క రోజే కూర్చునేవాళ్లున్నారు. పస్కా, రోష్ హషానా లాంటి పెద్ద పండగ మధ్యలో వచ్చిందంటే, ఏడు రోజులు నిండకపోయినా షివా అక్కడితో తెగిపోతుంది. అందుకే మీ లెక్క మీరు వేసుకున్నా, చివరికి మెయిల్‌లో ఉన్నదే ఖాయం అనుకోండి.

చేతిలో ఏం ఉండాలి

పూలు వద్దు. ఇది మొదట గుర్తుపెట్టుకోండి. చావింట్లో పూలు పెట్టే అలవాటు యూదుల్లో లేదు, శవపేటిక మీద కూడా సాధారణంగా పెట్టరు. ఆ డబ్బు ఏదైనా మంచి పనికి పోయినావిడ పేరిట ఇస్తే వాళ్లకు తృప్తి. మెయిల్‌లో చివర ‘పూలకు బదులు ఫలానా సంస్థకు’ అని రాసి ఉంటుంది, అక్కడికి పంపండి. ఎంత అంటే, మనకు నూట పదహార్లు ఎలాగో వాళ్లకు 18 అలాగ. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది, ‘బతుకు’ అనే అర్థమున్న ‘హాయ్’ అనే మాటలోని రెండక్షరాలు కలిపితే 18. అందుకని 18, 36, 54 డాలర్లు ఇలా ఇస్తారు. మన నూట పదహార్లు శుభకార్యాలకే. వాళ్ల పద్ధెనిమిది దీనికీ పనికొస్తుంది.

తిండి తీసుకెళ్లొచ్చు, తీసుకెళ్లాలి కూడా. మట్టి చేసి వచ్చాక ఆ ఇంటివాళ్లు తినే మొదటి భోజనం సొంత ఇంటిది కాకూడదని వాళ్ల నియమం. పక్కింటివాళ్లో స్నేహితులో వండి తెచ్చి పెడతారు. మన ఊళ్లలో చావింట్లో పొయ్యి వెలిగించకపోతే పక్కింటివాళ్లు అన్నం వండి పంపడం మీకు తెలిసిందే, అది చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఆ మొదటి భోజనంలో ఉడికించిన కోడిగుడ్లు, మసూర్ పప్పు, గుండ్రటి రొట్టెలు ఉంటాయి. గుండ్రంగా ఉన్నవి ఎందుకంటే, తిరిగే చక్రంలాంటిది బతుకు అని. పప్పుకు ఇంకో కారణం చెబుతారు. మిగతా గింజల్లా మసూర్ గింజకు నోరులాంటి చీలిక ఉండదు, దుఃఖంలో ఉన్నవాడికీ మాట పెగలదు. ఆ భోజనం దగ్గరివాళ్లు చూసుకుంటారు. మీ వంతు ఆ తర్వాతి రోజులది.

అసలు చిక్కు కోషర్ దగ్గర, అంటే యూదుల ఆహార నియమాల దగ్గర వస్తుంది. నా పులిహోరలో మాంసం లేదు, గుడ్డు లేదు, ఇంక అభ్యంతరం ఏముంటుందనుకున్నాను. వెజిటేరియన్ వేరు, కోషర్ వేరు. కోషర్ కచ్చితంగా పాటించే ఇంట్లో దినుసులొక్కటే చూడరు. ఏ గిన్నెలో వండారు, ఆ గిన్నెలో అంతకుముందు ఏం వండారు, ఎవరు వండారు అన్నవీ చూస్తారు. మీ వంటిల్లు ఎంత శుభ్రంగా ఉన్నా, మడి కట్టుకుని వండినా, అక్కడ లెక్కకు రాదు. మడి పాటించే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ మాట చప్పున ఎక్కుతుంది. మా అమ్మమ్మ పక్కింట్లో మంచినీళ్లు కూడా తాగేది కాదు, దానికి ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

కాబట్టి తీసుకెళ్లేముందు ఒక్క ప్రశ్న అడగండి. దుఃఖంలో ఉన్నవాళ్లను కాదు, ఏర్పాట్లు చూస్తున్న స్నేహితులను. ‘ఆ ఇంట్లో కోషర్ పాటిస్తారా?’ పాటించరని చెబితే మీ ఇష్టం, పులిహోర నిశ్చింతగా తీసుకెళ్లండి. పాటిస్తారంటే, లేదా ఎవరిని అడగాలో తెలియకపోతే, కోయని పళ్లు తీసుకెళ్లండి. యాపిల్స్, నారింజలు, అరటిపళ్లు, ఒక మంచి బుట్ట నిండా. ముక్కలు కోసిన ఫ్రూట్ ట్రే వద్దు, కోసిన కత్తి సంగతి మళ్లీ వస్తుంది.

ప్యాకెట్ ఏదైనా కొంటే దానిమీద గుర్తు చూడండి. ఎక్కువగా కనిపించేది చిన్న వృత్తంలో యు అక్షరం. ఒట్టి ఆ గుర్తే ఉంటే అందులో పాలూ మాంసమూ రెండూ లేవని అర్థం. పక్కన డి అక్షరం ఉంటే పాలకు సంబంధించినది. పి అక్షరం ఉంటే పస్కా పండగకు కూడా పనికొస్తుందని, పాలు లేవని కాదు. ఇది ఎందుకు చూడాలంటే, మాంసం తిన్న పూటకు పాల పదార్థం ముట్టరు. ఆ రాత్రి ఇంట్లో చికెన్ వడ్డిస్తుంటే మీరు తెచ్చిన చీజ్ కేక్ బల్ల మీదికి రాదు. డి లేని బిస్కెట్లు, వేయించిన బాదం, జీడిపప్పు, డార్క్ చాక్లెట్ లాంటివి ఏ పూటకైనా నడుస్తాయి. సీలు విప్పకుండా ఇవ్వండి. విప్పి మీ ప్లేటులో సర్దారంటే మొత్తం శ్రమ వృథా.

వేడి భోజనమే పంపాలని మనసులో ఉంటే కోషర్ సర్టిఫికెట్ ఉన్న హోటల్ నుంచి నేరుగా ఆ ఇంటికి ఆర్డర్ పెట్టండి. మాన్‌హాటన్‌లో అలాంటి సర్టిఫికెట్ ఉన్న దక్షిణ భారత వెజ్ హోటళ్లు ఉన్నాయి, ఇడ్లీలే పంపొచ్చు. ఎన్నో రోజు, ఏ పూట అన్నది మాత్రం ఏర్పాట్లు చూసేవాళ్లను అడిగి చెప్పించుకోండి. చాలాచోట్ల ఆన్‌లైన్‌లో ఒక జాబితా నడుస్తుంటుంది, ఏ పూట ఎవరు భోజనం పంపుతున్నారో అందులో రాసుకుంటారు. అది చూడకుండా అందరూ బుధవారం రాత్రికే పంపితే ఆదివారానికి ఆ ఇంట్లో ఏమీ ఉండదు.

గిన్నెల గురించి కూడా ఒక మాట. తిరిగి ఇవ్వాల్సిన డబ్బాలో ఏదీ ఇవ్వకండి. అవతల పారేసే అల్యూమినియం ట్రే వాడండి. షివా ఇంటినుంచి వస్తువులు బయటికి తీసుకుపోకూడదని కొందరికి పట్టింపు. ఆ పట్టింపు లేకపోయినా, మీ స్టీలు డబ్బా కడిగి వెనక్కివ్వాలన్న బెంగ ఆ మనిషికి ఎందుకు? నా డబ్బా నాలుగు నెలల తర్వాత ఆఫీసుకు వచ్చింది, ఆయన క్షమాపణతో సహా.

బెల్ కొట్టకండి, లోపలికి వెళ్లండి

చెప్పిన వేళల్లో తలుపు గడియ తీసే ఉంటుంది. నెట్టుకుని లోపలికి వెళ్లండి. బెల్ కొడితే ఎవరో ఒకరు లేచి రావాలి, ‘రండి’ అనాలి. దుఃఖంలో ఉన్నవాళ్లు ఆ వారం ఎవరికీ ఆతిథ్యం ఇవ్వరు. మీరు అతిథి కాదు, కాఫీ మీకు ఎవరూ అందించరు. పక్కన బల్ల మీద ఏదైనా ఉంటే మీరే తీసుకోవాలి. తెచ్చినదాన్ని కూడా దుఃఖంలో ఉన్నవాళ్ల చేతిలో పెట్టకండి. వంటింట్లో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకు ఇచ్చి ‘ఇది కోషర్, పాలు లేనిది’ అని ఒక్క ముక్క చెబితే వాళ్ల పని తేలికవుతుంది.

బట్టలు ముదురు రంగువి, సాదావి వేసుకోండి. నలుపే కావాలని లేదు. గుమ్మం దగ్గర బుట్టలో చిన్న గుండ్రటి టోపీలుంటే మగవాళ్లు ఒకటి తీసి నెత్తిన పెట్టుకోండి. యూదులు కానివాళ్లు పెట్టుకోవడం తప్పేమీ కాదు, మర్యాద.

లోపల కొన్ని వింతగా కనిపిస్తాయి. అద్దాల మీద దుప్పటి కప్పి ఉంటుంది. పొడుగాటి గాజు గ్లాసులో ఒక కొవ్వొత్తి ఏడు రోజులూ వెలుగుతూనే ఉంటుంది. దుఃఖంలో ఉన్నవాళ్లు అందరికన్నా తక్కువ ఎత్తులో, పొట్టి కుర్చీల మీదో, పరుపు తీసేసిన సోఫా మీదో కూర్చుంటారు. వీళ్లు ఎవరెవరంటే పోయినవాళ్ల తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త. అంతే. మనవలు, అల్లుళ్లు, కోడళ్లు ఏడ్చినా ఈ నియమాలు వాళ్లకు లేవు. నేను వెళ్లేసరికి మా ఆఫీసాయన కాళ్లకు గుడ్డ బూట్లున్నాయి, తోలు చెప్పులు ఆ వారం వేసుకోరు. గడ్డం గీసుకోలేదు. చొక్కా ఎడమవైపు, గుండె మీద, కాలర్ కింద ఒక జానెడు చిరిగి ఉంది. నేను అది ఎక్కడో తగులుకుని చిరిగిందనుకున్నాను, చెప్పబోయాను కూడా. అది ఖననానికి ముందు, నిలబడి, కావాలని చింపుకున్నది. తల్లికో తండ్రికో అయితే ఎడమవైపు, మిగతావాళ్లకు కుడివైపు. కొన్ని కుటుంబాల్లో చొక్కాకు బదులు చిన్న నల్ల రిబ్బను తగిలించి దాన్ని చింపుతారు. వీటిలో దేని గురించీ అప్పుడు అడగకండి. దాని సంగతి రెండు నెలలు పోయాక, ఆఫీసు క్యాంటీన్‌లో అడిగితే ఆయనే సంతోషంగా చెప్పారు.

ఆయన చెయ్యి చాపితే అందుకోండి, మీరు ముందు చాపకండి. నియమాలను కట్టుదిట్టంగా పాటించే ఆర్థడాక్స్ కుటుంబమైతే ఆడవాళ్లు పరాయి మగవాళ్లకు, మగవాళ్లు పరాయి ఆడవాళ్లకు చెయ్యి ఇవ్వరు. చిన్నగా తల ఊపితే సరిపోతుంది. ‘హలో’, ‘గుడ్ ఈవెనింగ్’ కూడా అనవసరం. షివాలో ఉన్నవాళ్లను ‘షాలోమ్’ అని పలకరించరు. మనవాళ్లూ చావింట్లో నమస్కారం పెట్టరు, వచ్చేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనరు కదా.

నోరు ముందు ఎవరు విప్పాలి

దగ్గర్లో ఖాళీ ఉన్న చోట కూర్చోండి. తర్వాత ఊరుకోండి. ఇదే మనకు అన్నిటికన్నా కష్టమైన పని. దుఃఖంలో ఉన్న మనిషి మాట్లాడేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదని నియమం. బైబిల్లో యోబు కథ నుంచి వచ్చింది. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లతో ఉన్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి, ఏడు పగళ్లూ ఏడు రాత్రుళ్లూ నేల మీద కూర్చున్నారు, ఒక్కరూ ఒక్క మాట అనలేదు. (నోరు విప్పాక ఆ ముగ్గురూ ఏం మాట్లాడారో చదివినవాళ్లకు, మొదటి ఏడు రోజులే వాళ్లు చేసిన మంచి పని అని తెలుస్తుంది.)

ఆదివారం నేను కూర్చున్న చోట రెండు మూడు నిమిషాలు నిశ్శబ్దం. గదిలో అవతలివైపు ఎవరో చిన్నగా మాట్లాడుకుంటున్నారు. నాకు కాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోన్ తీయాలనిపించింది, తీయలేదు. మీకూ ఇలాగే అనిపిస్తుంది, ఓర్చుకోండి. కాసేపటికి ఆయనే నా వైపు చూసి, ‘మా అమ్మ నీ ఫోటో చూసింది, మన టీం లంచ్‌లో తీసింది’ అన్నారు. ఇంక అక్కడినుంచి మాట దానంతటదే నడిచింది.

నడిపించేది ఆయన, మీరు వెనక నడవాలి. ఆయన ఆఫీసు గురించి మాట్లాడితే ఆఫీసు గురించే మాట్లాడండి. క్రికెట్ గురించి అడిగితే చెప్పండి. నవ్వితే నవ్వండి. ఏడిస్తే ‘ఊరుకోండి, ఏడవకండి’ అనకండి. మనకది ప్రేమతో వచ్చే మాట, అక్కడ నోరు మూయించినట్టు వినిపిస్తుంది. పోయినావిడ మీకు తెలిస్తే, ఆవిడ గురించి ఒక చిన్న సంగతి వెంట తీసుకెళ్లండి. ‘మంచావిడ’ అని కాదు. ఎక్కడ కలిశారు, ఏం అన్నది, ఏం పెట్టింది అన్నంత చిన్నది. ఆ ఇంట్లో అంతకన్నా విలువైన కానుక లేదు. తెలియకపోతే, మాట మొదలయ్యాక ‘మీ అమ్మగారి గురించి చెప్పండి’ అని అడగండి. ఫోటో ఆల్బములు బయట పెట్టి ఉంటే తిరగేయండి, ‘ఇందులో ఎవరు?’ అని అడగండి. వాళ్లకు చెప్పాలనే ఉంటుంది.

నోట్లోంచి రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. ‘ఎంత వయసు?’ అని అడిగి, ఎనభై ఎనిమిది అనగానే ‘నిండు జీవితం, మంచి చావు’ అనడం మనకు అలవాటు. ఎనభై ఎనిమిదేళ్ల అమ్మ కూడా అమ్మే. ‘అంతా మన మంచికే’, ‘పైవాడి లెక్క పైవాడికి తెలుసు’, ‘మా నాన్న పోయినప్పుడు నేనూ…’ ఇవి వద్దు. కర్మ, పునర్జన్మ ఊసే వద్దు. ఏ జబ్బు, ఏ ఆస్పత్రి, ముందే చూపించి ఉంటే అన్న ఆరాలు అసలే వద్దు. ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అనేది కూడా నిజానికి ఒక పని అప్పజెప్పడమే. దానికి బదులు ‘గురువారం మీ పిల్లలను స్కూలు నుంచి నేను తీసుకొస్తాను’ అని చెప్పండి.

ఆఫీసు గ్రూపులో ‘రిప్’ అనో ‘ఓం శాంతి’ అనో పెట్టకండి. వాళ్లలో అనే మాట వేరు. ఇంగ్లీషులో ‘మే హర్ మెమరీ బి ఎ బ్లెస్సింగ్’ అంటారు, ఆవిడ జ్ఞాపకమే ఒక దీవెన కావాలని. రాయడానికైనా, చెప్పడానికైనా, యూదులు కానివాళ్లకైనా సరిగ్గా సరిపోయే మాట ఇది. మగవాళ్లయితే ‘హర్’ బదులు ‘హిజ్’. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఇంకో మాట వింటారు, ‘ఐ విష్ యు లాంగ్ లైఫ్’. పోయినవాళ్లకు కాదు, ఎదురుగా ఉన్నవాళ్లకు చెప్పే మాట అది, విని కంగారుపడకండి.

మధ్యలో ప్రార్థన మొదలైతే

సాయంత్రం వేళల్లో ప్రార్థన ఆ ఇంట్లోనే జరుగుతుంది. దానికి పదిమంది పెద్దవాళ్లు కావాలి. ఆర్థడాక్స్ వాళ్లు మగవాళ్లనే లెక్కిస్తారు, రిఫార్మ్ వాళ్లు ఆడవాళ్లనూ లెక్కిస్తారు. తొమ్మిదిమంది అయి పదోమనిషి కోసం చూస్తుంటే మీరు లేచి ‘నేనున్నాను’ అనకండి, యూదులు కానివాళ్లు ఆ లెక్కలోకి రారు. ఊరికే కూర్చోండి. చేతికి పుస్తకం ఇస్తే తీసుకోండి, అందులో హీబ్రూ కుడినుంచి ఎడమకు సాగుతుంది. అందరూ నిలబడితే నిలబడండి, కూర్చుంటే కూర్చోండి.

దాదాపు చివర్లో దుఃఖంలో ఉన్నవాళ్లు మాత్రం గొంతెత్తి ఒకటి చదువుతారు, దాన్ని కద్దీష్ అంటారు. దాదాపు అంతా హీబ్రూలో కాదు, అరమేయిక్ అనే పాత భాషలో ఉంటుంది. విచిత్రం ఏమిటంటే అందులో చావు మాటే లేదు. దాదాపు అంతా దేవుడి స్తుతే. మధ్యమధ్యలో అందరూ ‘ఆమెన్’ అంటారు, మీరూ అనవచ్చు. మా ఆఫీసాయన రోజూ మీటింగుల్లో గలగలా మాట్లాడే మనిషి. ఆ కాగితం పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

ఎప్పుడు లేవాలి, ఏమని లేవాలి

అరగంట చాలు. బాగా దగ్గరివాళ్లయితే గంట. ఆ మనిషి తల వాల్చి మౌనంగా అయిపోయినా, అలసట కనిపించినా లేచే సమయం వచ్చినట్టే. మన ఇళ్లలోలాగా ‘కూర్చోండి, అప్పుడే ఏం తొందర’ అని ఎవరూ ఆపరు, మిమ్మల్ని గుమ్మందాకా సాగనంపరు.

యూదులు లేచేటప్పుడు ఆ మనిషి ముందు ఆగి ఒక వాక్యం చెబుతారు. ‘హమాకోమ్ యెనహెమ్ ఎత్‌హెమ్ బెతోహ్ షెఆర్ అవెలే త్సియోన్ వీరుషలాయిమ్.’ సీయోను కోసం, యెరూషలేము కోసం దుఃఖిస్తున్న మిగతావాళ్లందరి మధ్య ఆ ‘చోటు’ మిమ్మల్ని ఓదార్చాలి అని అర్థం. హమాకోమ్ అంటే చోటు, దేవుడికి ఉన్న పేర్లలో అదొకటి. ఎన్ని పేర్లుండగా ఇక్కడ ఆ పేరే ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఒక మనిషి ఉండాల్సిన చోటు ఖాళీ అయిన ఇంట్లో ఆ మాట వింటుంటే నాకైతే వేరే కారణం అక్కర్లేదనిపించింది. స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ యూదులు దీనికి బదులు పైలోకం నుంచి మీకు ఓదార్పు దొరకాలి అన్న అర్థం వచ్చే చిన్న మాట అంటారు.

మీరు ఇది బట్టీ పట్టాల్సిన పని లేదు, మీనుంచి ఎవరూ ఆశించరు. సగం గుర్తొచ్చి సగం మరిచిపోతే ఇబ్బంది మీకే. ‘ఆవిడ జ్ఞాపకం దీవెన కావాలి’ అని ఇంగ్లీషులో అనేసి వచ్చేయండి. ‘థాంక్యూ’ అని జవాబు రాకపోయినా పట్టించుకోకండి.

ఏడు రోజులు అయ్యాక

సోమవారం పొద్దున కొద్దిసేపు కూర్చున్నాక, ఎవరో ‘లేవండి’ అంటారు. లేచి, తోలు బూట్లు వేసుకుని, ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చి ఆ వీధి చుట్టూ ఒకసారి నడిచొస్తారు. వారం తర్వాత మొదటిసారి గాలి తగలడం. మరుసటి రోజునుంచి ఆయన ఆఫీసుకు వచ్చారు. గడ్డం మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే ఖననం నుంచి ముప్పై రోజులదాకా ఇంకో దశ ఉంది. తల్లిదండ్రులు పోయినవాళ్లకు ఏడాదిపాటు కొన్ని నియమాలు ఉంటాయి, పదకొండు నెలలు కద్దీష్ చదువుతారు. ఆ ఏడాదిలో మీ పిల్లాడి పుట్టినరోజు పార్టీకి పిలవాలా వద్దా అని టెన్షన్ పడకండి. పిలవండి, పాటలూ డాన్సూ ఉన్నాయని ముందే చెప్పండి. రాకపోతే ఎందుకని అడగకండి.

ఏడాది తిరిగాక సంవత్సరికం వస్తుంది, యార్ట్‌సైట్ అంటారు. అది ఇంగ్లీషు తేదీన రాదు. వాళ్ల పంచాంగం కూడా చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది, అందుకే మన తిథుల్లాగే ఏటా అటూ ఇటూ జరుగుతుంది. ముందురోజు సూర్యాస్తమయం నుంచే మొదలై, ఇరవైనాలుగు గంటలు వెలిగే కొవ్వొత్తి ఒకటి పెడతారు. ఎప్పుడో తెలుసుకోవాలంటే ఆ మనిషినే అడగండి, చెబుతారు. సమాధి దగ్గరికి మీరు కూడా వెళ్తే పూలు కొనకండి. దారిలో ఒక చిన్న గులకరాయి ఏరుకుని సమాధి రాయి మీద పెట్టి రండి.